హాలు రెండర్‌కి కెమెరా ఎక్కడ, ఎంత ఎత్తులో, ఏ లెన్స్‌తో? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి జవాబుల్లో చాలావరకు ఒకే హాలు చుట్టూ తిరుగుతాయి. మామూలు 2 బీహెచ్‌కే ఫ్లాట్‌లోది, 11 అడుగుల వెడల్పు, 17 అడుగుల పొడవు. మీటర్లలో 3.35, 5.18. ఫాల్స్ సీలింగ్ నేల నుంచి 2.6 మీటర్ల ఎత్తులో ఉంది. ఎదుటి పొట్టి గోడకు బాల్కనీ తలుపు, ఎడమ గోడకు 7 అడుగుల సోఫా, కుడి గోడకు టీవీ యూనిట్. బాల్కనీకి ఎదురుగా ఉన్న పొట్టి గోడ వెనక వంటగది. నేను వాడేది బ్లెండర్, రెండర్ సైకిల్స్‌లో. తెర మీది పేర్లు అందులోవే ఇస్తున్నాను. లెక్కలు మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఇవే.

## కెమెరా పెట్టేటప్పుడు మొదట ఏది తేల్చుకోవాలి? లెన్సా, ఎత్తా?

రెండూ కాదు. కెమెరా నిలబడే చోటు. సోఫా దగ్గరి చెయ్యి పెద్దగా, దూరపు చెయ్యి చిన్నగా ఎంత తేడాతో కనిపిస్తుందో నిర్ణయించేది కెమెరాకీ సోఫాకీ మధ్య ఉన్న దూరమే. ఫోకల్ లెంగ్త్‌కి దానితో సంబంధం లేదు. కెమెరాను కదపకుండా 18 నుంచి 35కి మారిస్తే బొమ్మ మధ్య భాగాన్ని కత్తిరించి పెద్దది చేసినట్టే ఉంటుంది, వస్తువుల మధ్య నిష్పత్తి ఏమీ మారదు. నమ్మకం కుదరకపోతే రెండూ రెండర్ చేసి, మొదటి దాన్ని కత్తిరించి రెండో దాని మీద పెట్టి చూడండి. గీతకు గీత సరిపోతుంది.

చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. గదిలో ఒక మూలకు కెమెరాను నెట్టి, గది మొత్తం పట్టేదాకా `Focal Length` తగ్గించుకుంటూ పోతారు. 24, 20, 18, చివరికి 16. గది పట్టేస్తుంది గానీ కెమెరా వస్తువులకు మరీ దగ్గరగా ఉండిపోయింది కాబట్టి దగ్గరివి ఉబ్బిపోతాయి, దూరంవి కుంచించుకుపోతాయి.

## ఏ లెన్స్‌కి ఎంత పడుతుందో రెండర్ చేయకుండా తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. సెన్సార్ వెడల్పు 36 మిల్లీమీటర్లు అనుకుంటే, బ్లెండర్‌లో మనం మార్చనంతవరకు ఉండేది అదే, లెక్క ఇంతే:

```
కనిపించే వెడల్పు = దూరం × 36 ÷ ఫోకల్ లెంగ్త్
```

24 ఎంఎం లెన్స్‌తో 5 మీటర్ల దూరంలో 7.5 మీటర్ల వెడల్పు పడుతుంది. 18తో అదే దూరంలో 10 మీటర్లు. ఎత్తు కావాలంటే 3:2 ఫ్రేమ్‌కి 36 బదులు 24 పెట్టి గుణించండి. 24 ఎంఎంతో ఎంత దూరమో అంతే ఎత్తు కనిపిస్తుందన్నమాట. ఆ ఒక్కటి గుర్తుంటే మిగతావి నోటి లెక్కలో వచ్చేస్తాయి.

## మరి ఈ హాలుకి ఏది సరిపోతుంది?

మూడు ప్రయత్నాలు పక్కపక్కన పెట్టి చూద్దాం. పక్కగోడలు ఎంత పొడవున కనిపిస్తున్నాయి, ఎదుటి గోడ ఫ్రేమ్‌లో ఎంత భాగం తీసుకుంటోంది, ఈ రెండూ చూస్తే చాలు.

మొదట కెమెరా గదిలోనే, వెనక గోడకు 20 సెంటీమీటర్ల ముందు ఉందనుకుందాం. బాల్కనీ తలుపు 5 మీటర్ల దూరంలో ఉంటుంది. 24 ఎంఎం పెడితే పక్కగోడలు కెమెరాకి 2.23 మీటర్ల దూరం నుంచి మాత్రమే ఫ్రేమ్‌లోకి వస్తాయి, అంటే 5.18 మీటర్ల గోడలో కనిపించేది 2.75 మీటర్లు. సోఫా ముందు కొస తెగిపోతుంది. దాంతో చెయ్యి 18 వైపు వెళ్తుంది. 18తో 3.3 మీటర్ల గోడ కనిపిస్తుంది, సోఫా మొత్తం వస్తుంది. కానీ బాల్కనీ గోడ ఫ్రేమ్ వెడల్పులో మూడో వంతుకి పడిపోతుంది. తలుపు ఎక్కడో వీధి చివర ఉన్నట్టు ఉంటుంది.

ఇప్పుడు కెమెరాను వెనక గోడ లోపలి ముఖానికి ఒక మీటరు వెనక్కి, వంటగదిలోకి తీసుకెళ్లండి. లెన్స్ 28. ఎదుటి గోడ 6.2 మీటర్ల దూరంలో ఉంది. పక్కగోడలు 2.6 మీటర్ల దూరంలో ఫ్రేమ్‌లోకి వస్తాయి, అందులో ఒక మీటరు గోడ వెనకే పోయింది కాబట్టి గది లోపల 1.6 మీటర్లు మాత్రమే వదులుకున్నాం. కనిపించే పక్కగోడ 3.6 మీటర్లు. గదిలో నిలబడి 18తో తీసిన దానికంటే ఎక్కువ! పైగా బాల్కనీ గోడ ఫ్రేమ్‌లో 42 శాతం తీసుకుంటుంది.

సోఫా సంగతి చూడండి. గది లోపల నుంచి దాని దగ్గరి కొస 1.9 మీటర్లు, దూరపు కొస 4 మీటర్లు. అంటే దగ్గరి చెయ్యి దూరపు చేతికి రెట్టింపు కంటే పెద్దగా కనిపిస్తుంది. గోడ వెనక నుంచి అవే దూరాలు 3.1, 5.2 మీటర్లు, తేడా 1.7 రెట్లకు తగ్గింది. సోఫా సోఫాలా ఉంటుంది.

ఇలాంటి హాలుకి నేను 28 దగ్గర మొదలుపెట్టి, 24 కంటే కిందికి మాత్రం వెళ్లను. వెనక్కి జరిగే వీలున్న పెద్ద గదిలో 35 ఇంకా హాయిగా ఉంటుంది.

## గోడ వెనక్కి వెళ్తే గోడే అడ్డం వస్తుంది కదా?

రెండు దారులు. మొదటిది `Clip Start`. ఇది మామూలుగా 0.1 మీటరు ఉంటుంది. మన ఉదాహరణలో గోడ లోపలి ముఖం కెమెరాకి సరిగ్గా ఒక మీటరు దూరంలో ఉంది కాబట్టి 1.02 పెడితే గోడ, దాని వెనక ఉన్న వంటింటి సామాను అన్నీ చూపులోంచి తప్పుకుంటాయి. సైకిల్స్‌లో ఈ కోత కెమెరా చూపుకి మాత్రమే వర్తిస్తుంది. గోడ మీద పడి వెనక్కి వచ్చే వెలుగు అలాగే ఉంటుంది, టీవీ గాజులో గోడ ప్రతిబింబమూ ఉంటుంది.

రెండోది, ఆ గోడ విడి ఆబ్జెక్ట్ అయితే దాని `Ray Visibility`లో `Camera` టిక్ తీసేయడం. వెలుగు విషయంలో ఫలితం ఇదే. నాలుగు గోడలూ ఒకే మెష్ అయితే ముందు ఆ ఒక్క గోడను విడదీయాలి.

గోడను డిలీట్ మాత్రం చేయకండి. ఆ తెరిచిన వైపు నుంచి ఆకాశపు వెలుగంతా గదిలోకి వచ్చేస్తుంది, బాల్కనీ నుంచి లోపలికి క్రమంగా తగ్గాల్సిన వెలుతురు చదునుగా అయిపోతుంది. నీడలు పలచగా, వెనకవైపు నుంచి వెలుగు వస్తున్నట్టు కనిపిస్తే ముందు ఆ గోడ ఉందో లేదో చూడండి.

కెమెరా గదికి ఏటవాలుగా ఉన్నప్పుడు `Clip Start` కోత కూడా గోడకు ఏటవాలుగానే పడుతుంది. ఒక పక్క గోడ మిగిలిపోయి, ఇంకో పక్క సామాను తెగుతుంది. అప్పుడు రెండో పద్ధతే మేలు.

## ఎవరూ నిలబడలేని చోటు నుంచి చూపించడం మోసం కాదా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. నా సమాధానం నా తప్పులోంచి వచ్చింది. పని నేర్చుకునే రోజుల్లో ఒక చిన్న హాలుని 17 ఎంఎంతో తీసి ఇచ్చాను. ఇల్లుగలాయనకి ఎంతో నచ్చింది. సామాను దిగాక ఆయన ఆ ప్రింటు చేత్తో పట్టుకుని హాల్లో నిలబడి, "ఇందులో సోఫాకీ టీవీకీ మధ్య పిల్లలు ఆడుకునేంత చోటు ఉందండీ, ఇక్కడ మనిషి నడవడానికే ఇరుగ్గా ఉంది" అన్నారు. కొలతలన్నీ సరైనవే. కానీ ఆ బొమ్మ చూసే కదా ఆయన అంత పెద్ద సోఫాకి ఒప్పుకున్నది.

మనిషి గదిలో నిలబడితే తల తిప్పుతూ చూస్తాడు, ఆ చూపులన్నీ కలిపి గది ఇంత అని అంచనా వేసుకుంటాడు. బొమ్మలో ఆ అవకాశం లేదు. ఒక మీటరు వెనక్కి జరిగిన కెమెరా సామాను నిష్పత్తిని సరిగ్గా ఉంచుతుంది కాబట్టి, అది ఉన్న గదికే దగ్గరగా ఉంటుందని నేను నమ్ముతాను. అయినా బొమ్మతో పాటు ప్లాను మీద కెమెరా చోటు గుర్తు పెట్టి, సోఫాకీ టీవీ యూనిట్‌కీ మధ్య ఖాళీని అడుగుల్లో రాసి ఇస్తాను. ఆ రోజు నుంచి ఒక్క పనికీ మానలేదు.

## ఫ్రేమ్ అంచున ఉన్న కుండీ, లైటు ఎందుకు సాగిపోతున్నాయి?

తిన్నని గీతల్ని తిన్నగానే చూపించే ఏ కెమెరా అయినా అంచు వైపు వస్తువుల్ని పక్కకు లాగుతుంది. 18 ఎంఎం ఫ్రేమ్‌లో కుడి, ఎడమ అంచుల దగ్గర గుండ్రటి లైటు 41 శాతం పొడవుగా సాగిన కోడిగుడ్డులా కనిపిస్తుంది. 24 దగ్గర అది 25 శాతం, 28 దగ్గర 19, 35 దగ్గర 12.

20 శాతం లోపు అయితే గోడలకీ కర్టెన్లకీ ఎవరూ పట్టించుకోరు. గుండ్రటి వస్తువులకి మాత్రం కన్ను ఇట్టే పసిగడుతుంది. కాబట్టి పెండెంట్ లైట్లు, గుండ్రటి అద్దం, కుండీలు, మనుషుల బొమ్మలు మధ్యవైపు పెట్టుకోండి, అంచులకు గోడలూ కర్టెన్లూ వదలండి. ఒక దీపం గోళాన్ని ఫ్రేమ్ మూలలో పెట్టి చిన్న టెస్ట్ రెండర్ తీస్తే మీ లెన్స్ ఎంత లాగుతోందో ఒక నిమిషంలో తెలుస్తుంది.

## కెమెరా కంటి ఎత్తులో, అంటే 1.6 మీటర్ల దగ్గర పెట్టాలి కదా?

వినడానికి సబబుగానే ఉంటుంది గానీ మన ఫ్లాట్లలో అది సరిగ్గా కుదరదు. కెమెరా ఎంత ఎత్తులో ఉంటే దిగంత రేఖ అంత ఎత్తులో పడుతుంది. 1.6 దగ్గర పెడితే 2.6 మీటర్ల సీలింగ్ ఆ రేఖకి ఒక్క మీటరు పైన మాత్రమే ఉంటుంది, నేల 1.6 కింద. బొమ్మలో నేల పరుచుకుపోతుంది, సీలింగ్ నెత్తి మీదికి వచ్చినట్టు ఉంటుంది, సోఫాను పైనుంచి చూస్తున్నట్టు ఉంటుంది.

హాలుకి నేను 1.1 నుంచి 1.2 మీటర్లు పెడతాను. దాదాపు సోఫాలో కూర్చున్న మనిషి కంటి ఎత్తు. ఆ గది వాడేది కూర్చునే కదా! సోఫా వీపు 80–85 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి దాని మీదుగా చూపు పోతుంది, 75 సెంటీమీటర్ల డైనింగ్ టేబుల్ పై పలక కూడా కొంత కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త: ఏ చదును తలమూ సరిగ్గా కెమెరా ఎత్తులో ఉండకూడదు. ఉంటే అది గీతగా మారిపోతుంది. వంటగదిలో ఇదే జరుగుతుంది. గట్టు 85 సెంటీమీటర్లు ఉన్నప్పుడు కెమెరాను 90 దగ్గర పెడితే, డబ్బు పెట్టి ఎంచుకున్న గ్రానైట్ ఒక నల్లటి చారలా మిగులుతుంది. అందుకే వంటగదికి 1.3, 1.4 దాకా లేపుతాను. పైన అటక ఉంటే దాని అడుగు భాగం కూడా అప్పుడు తక్కువ కనిపిస్తుంది.

పూజ గది లెక్క వేరు. కింద కూర్చుని పూజ చేసుకునే వాళ్ల కంటి ఎత్తు సుమారు 75–80 సెంటీమీటర్లు. విగ్రహం పీట అంతకంటే పైన ఉంటే కెమెరాను ఆ కంటి ఎత్తులోనే పెట్టండి. దేవుడిని పైనుంచి కిందికి చూస్తున్నట్టు తీసిన బొమ్మ పెద్దవాళ్లకి ఎందుకో నచ్చదు. ఎందుకు నచ్చలేదో వాళ్లు చెప్పలేకపోవచ్చు, మనం తెలుసుకోవాలి.

## సీలింగ్ ఎక్కువ కనిపిస్తోంది. కెమెరాను కిందికి వంచితే తప్పేంటి?

వంచగానే నిలువు గీతలన్నీ కిందివైపు దగ్గరవుతాయి. బీరువాలు, తలుపు ఫ్రేములు బయటికి వాలినట్టు కనిపిస్తాయి. రెండు డిగ్రీల వంపు కూడా ఫ్రేమ్ అంచున ఉన్న కర్టెన్ దగ్గర దొరికిపోతుంది. బ్లెండర్‌లో కెమెరా `Rotation X` కచ్చితంగా 90, `Rotation Y` కచ్చితంగా 0 ఉండాలి. 89.3 ఉంటే చేత్తో 90 అని టైప్ చేయండి.

సీలింగ్ తగ్గించడానికి వాడాల్సింది `Shift Y`. నిజమైన ఫోటోగ్రాఫర్లు టిల్ట్-షిఫ్ట్ లెన్సులతో చేసే పని ఇదే. కెనాన్ 17, 24 ఎంఎం టిల్ట్-షిఫ్ట్ లెన్సులు భవనాల ఫోటోలకి అంతగా వాడేది అందుకే.

మన హాలులో కెమెరా 1.15 మీటర్ల ఎత్తు, 28 ఎంఎం, 3:2 ఫ్రేమ్. ఎదుటి గోడ దగ్గర ఫ్రేమ్ ఎత్తు 5.3 మీటర్లు. గోడకు పైన సీలింగ్ ఫ్రేమ్‌లో 23 శాతం, కింద నేల 28 శాతం వస్తాయి. `Shift Y` −0.05 పెడితే ఫ్రేమ్ ఆ గోడ దగ్గర 40 సెంటీమీటర్లు కిందికి జరుగుతుంది. ఈ అంకె ఫ్రేమ్ వెడల్పులో భాగం, ఎత్తులో కాదు, అందుకే 8 మీటర్లలో 5 శాతం. సీలింగ్ 15కి తగ్గి, నేల 36కి పెరుగుతుంది. ఒక్క గీత కూడా వాలదు. ఫాల్స్ సీలింగ్ డిజైన్ చూపించడమే పని అయితే అంకెను పాజిటివ్ వైపు తిప్పండి.

## హాలు మొత్తం కనిపించే బొమ్మకి డెప్త్ ఆఫ్ ఫీల్డ్ పెట్టాలా?

పెట్టకండి. 28 ఎంఎం లెన్స్‌ని ఎఫ్/8 దగ్గర ఉంచి 3.3 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే, నిజమైన ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 1.65 మీటర్ల నుంచి అనంతం దాకా స్పష్టంగానే ఉంటుంది. మన సోఫా మొదలయ్యేదే 3.1 మీటర్ల దగ్గర. అంటే ఫోటో తీసినా మసక ఉండేది కాదు. గది మొత్తం పట్టిన బొమ్మలో మసక కనిపిస్తే కన్ను దాన్ని దగ్గర నుంచి చూసిన చిన్న వస్తువు అనుకుంటుంది, హాలు అట్టపెట్టెతో చేసిన బొమ్మరిల్లులా మారిపోతుంది. ఇంటివాళ్లకి కావాల్సింది వెనక గోడ రంగు కూడా చూడటం.

## మరి ఎక్కడ వాడాలి?

దగ్గరి బొమ్మల్లో. మన హాలులోనే టీవీ యూనిట్ మీద ఇత్తడి ఉరుళి పెట్టి, అందులో పూలు వేశారనుకోండి. 50 ఎంఎం, 1.5 మీటర్ల దూరం. ఎఫ్/2.8 దగ్గర స్పష్టంగా ఉండే మందం సుమారు 15 సెంటీమీటర్లు మాత్రమే. ఉరుళి అడ్డకొలత 30 సెంటీమీటర్లు ఉంటే ముందు అంచు, వెనక అంచు రెండూ మసకబారతాయి. ఎఫ్/5.6కి వెళ్తే ఆ మందం 30 సెంటీమీటర్లకు చేరుతుంది, ఉరుళి నిలుస్తుంది, వెనక సోఫా మెత్తగా కరుగుతుంది. అమ్మే వస్తువు మొత్తం స్పష్టంగా ఉండేదాకా ఎఫ్-నంబర్ పెంచాలి, అంతకు మించి వద్దు.

ఫోకస్ దూరాన్ని చేత్తో టైప్ చేయకుండా ఒక `Empty`ని ఉరుళి మధ్యలోని పూల దగ్గర పెట్టి `Focus on Object`లో దాన్ని ఎంచుకోండి. కెమెరా జరిగినా ఫోకస్ తప్పదు. బ్లెండర్‌లో `F-Stop` మారిస్తే వెలుతురు మారదు. 3డీఎస్ మ్యాక్స్‌లో వీ-రే ఫిజికల్ కెమెరా వాడేవాళ్లకి మాత్రం ఎక్స్‌పోజర్ కూడా మారుతుంది, షట్టర్‌తోనో ఐఎస్ఓతోనో సరిచేసుకోవాలి.

## ఎఫ్-స్టాప్ 1.4 పెట్టినా మసక రావడం లేదు. ఎందుకు?

మోడల్ కొలత తప్పు అయి ఉంటుంది. క్యాడ్ ఫైలు అంగుళాల్లో గీసి ఉంటే, తెచ్చుకునేటప్పుడు ఒక అంగుళం ఒక మీటరుగా మారిపోతుంది. గది 39 రెట్లు పెద్దదైంది. లెన్స్ మాత్రం నిజమైన మిల్లీమీటర్లలోనే ఉంది. 60 మీటర్ల దూరంలో ఉన్న వస్తువుకి ఏ మసక వస్తుంది? చాలామంది అప్పుడు `F-Stop` 0.1 దాకా దించి పని గడిపేస్తారు. అలాంటి అంకె ఫైల్లో కనిపించిందంటే కొలత తప్పిందనే అర్థం.

తలుపు ఎత్తు చూడండి. 7 అడుగుల తలుపు 2.13 మీటర్లు చూపించాలి. లేకపోతే మొత్తం సీన్‌ని సరైన కొలతకి తెచ్చి `Scale`ని అప్లై చేయండి. దీపాల వెలుగు కూడా దూరాన్ని బట్టే తగ్గుతుంది కాబట్టి లైటింగ్ మళ్లీ చూసుకోవాల్సి వస్తుంది. అందుకే ఈ తలుపు పరీక్ష మొదటి రోజే చేయాలి.

## అద్దంలో మంచం మసకగా ఉంది, అద్దం ఫ్రేమ్ స్పష్టంగా ఉంది. ఇది బగ్గా?

కాదు, అలాగే ఉండాలి. డ్రెస్సింగ్ అద్దం 1.5 మీటర్ల దూరంలో, మంచం అద్దానికి 2 మీటర్ల దూరంలో ఉంటే, అద్దంలోని మంచం లెన్స్‌కి 3.5 మీటర్ల దూరంలో ఉన్నట్టే. రెండర్ చేశాక డెప్త్ పాస్‌తో మసక వేస్తే ఇది తప్పుతుంది, ఎందుకంటే ఆ పాస్‌కి అద్దం ఉపరితలం వరకే తెలుసు. గాజు తలుపు వెనక ఉన్న బాల్కనీ మొక్కలకీ అదే ఇబ్బంది. అద్దాలు, గాజు ఉన్న బొమ్మల్లో మసకని కెమెరాలోనే పెట్టండి, శాంపిల్స్ పెంచండి. తక్కువ శాంపిల్స్‌తో డీనాయిజర్‌కి వదిలేస్తే మసక భాగాలు తుడిచిన రంగులా మచ్చలు కడతాయి.

## ఫోన్లో చూడటానికి నిలువు బొమ్మ అడుగుతున్నారు. అదే కెమెరా వాడొచ్చా?

వాడొచ్చు గానీ ఒకటి గమనించండి. బ్లెండర్‌లో `Sensor Fit` `Auto` ఉంటే 36 మిల్లీమీటర్లు ఫ్రేమ్‌లో పొడుగు వైపుకి వర్తిస్తుంది. 2:3 నిలువు ఫ్రేమ్ చేయగానే ఎత్తుకి 36 వెళ్లి, వెడల్పుకి 24 మిగులుతుంది. 28 ఎంఎంతో ఎదుటి గోడ దగ్గర 8 మీటర్లు కనిపించేది కాస్తా 5.3 అవుతుంది, పక్కగోడలు చాలావరకు పోతాయి. అక్కడ మళ్లీ 18కి దిగొద్దు. హాలు మొత్తం వదిలేసి బాల్కనీ తలుపు, సోఫా దూరపు కొస, వాటి మీద ఫాల్స్ సీలింగ్ అంచు, ఇంత మాత్రమే పట్టే బొమ్మగా 35తో కూర్చుకోండి. `Shift Y` కూడా మళ్లీ చూసుకోవాలి. నిలువు ఫ్రేమ్‌లో అది ఎత్తులో భాగంగా లెక్క అవుతుంది కాబట్టి అదే −0.05కి సీలింగ్, నేల వాటాలు ఇంతకు ముందులా మారవు.